బెండకాయల బిట్టు రాసింది నేను

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగుంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి. ఊళ్ళో ఆ వీడియో మాట వచ్చిన ప్రతిసారీ నేను ఆ పక్కనే ఉంటాను. "అబ్బ, ఆ బెండకాయల బిట్టు, ఏం నవ్వించాడయ్యా" అంటూ వీడియో షాపాయన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకుని ఊరుకుంటే సరే. నా వైపు తిరిగి "తమరు చూశారా అది?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. రాసినవాణ్ణి పట్టుకుని చూశారా అని.

మొన్నీమధ్య ఆయనకి సన్మానం చేశారు. ఇవాళ ఫోన్లలో అందరూ చేస్తున్న చిట్టి చిట్టి హాస్యం వీడియోలు మన నూజివీడులో ఆయన ఎప్పుడో చేశాడట, అందుకని. నేనూ వెళ్ళాను, వెనక వరసలో కుర్చీ దొరికింది. శాలువా కప్పాక మైకు పుచ్చుకుని ఆయన ఆ బిట్టు కథ చెప్పాడు. "మేమేం అనుకుని చెయ్యలేదండీ, అలా కుదిరిపోయింది" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్కాయన తను కొడుతూ, నేనెందుకు కొట్టడం లేదా అని నా చేతుల వంక చూశాడు. అలా కుదిరిపోలేదు. ఎలా కుదిరిందో రాస్తున్నాను.

ఎనభైల చివర్లో సంగతి. నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాసేవాణ్ణి. తోట అమ్మినా, ఇల్లు కొన్నా, అన్నదమ్ములు పంచుకున్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. దస్తావేజు చివర రాసినవాడి పేరు, సంతకం ఉండి తీరాలి. లేకపోతే లోపల ముట్టుకోరు. ఎవరి తోటకి ఏ దిక్కున ఎవరి గట్టు ఉందో రాసినందుకే ప్రభుత్వం నా పేరు అడిగి మరీ రాయించుకునేది. ఇది గుర్తు పెట్టుకోండి. పేరు కావాలనడం నా దురాశ కాదు, నా వృత్తిలో అది మామూలు విషయం.

మా పంచకి రెండు కొట్ల అవతల వీడియో షాపు. టీవీలు, వీసీఆర్లు రాత్రికి అద్దెకిచ్చేవాడు. ముహూర్తాల రోజుల్లో భుజాన వీడియో కెమెరా వేసుకుని పెళ్ళిళ్ళు తీసేవాడు. షాపు వెనక రేకుల షెడ్డులో బల్లలు వేసి, ముందు పెద్ద టీవీ పెట్టి సినిమాలు వేసేవాడు. దాన్ని వీడియో హాలు అనేవాళ్ళం. మామిడి సీజన్లో మండీలో పని ముగించుకుని హమాలీలు, తోటల కాపలావాళ్ళు, లారీ డ్రైవర్లు అందరూ అక్కడే చేరేవాళ్ళు.

ఆ రోజుల్లో ఒక సినిమా రెండు క్యాసెట్ల మీద వచ్చేది. మొదటిది అయిపోయాక దాన్ని తీసి, రెండోది పెట్టి, తెర మీద గీతలు పోయేదాకా మీట తిప్పుకుంటూ కూర్చోవాలి. ఆ సందులో జనం బీడీలకని బయటికి పోయేవాళ్ళు. తిరిగొచ్చేసరికి వాళ్ళ చోట్లో ఇంకెవరో కూర్చునేవాళ్ళు. ఇక కాలర్లు పట్టుకోవడమే. రోజూ ఇదే గొడవ. పెళ్ళి టేపులు కాపీ తియ్యడానికి ఆయన దగ్గర రెండు వీసీఆర్లు ఉన్నాయి, రెండోదాంట్లో సినిమా క్యాసెట్లు సరిగ్గా ఆడవు గానీ ఆయన తీసిన టేపులు ఆడతాయి కాబట్టి, ఒకదాంట్లో క్యాసెట్టు మార్చేలోపు రెండోదాంట్లో ఏదైనా చిన్న ముక్క వేస్తే జనం లేవకుండా ఉంటారని ఆయనకి తోచింది. ముందు పెళ్ళి టేపులు వేశాడు. "ఎవరిదో పెళ్ళి మేమెందుకు చూడాలయ్యా, మాకు భోజనం పెట్టారా?" అని హమాలీలు కేకలు వేశారు.

అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. దస్తావేజుల కోసం వచ్చినవాళ్ళని మాటలతో నవ్విస్తూ కూర్చోబెడతానని నాకు కొంచెం పేరుండేది.

"రైటర్ గారూ, రెండు మూడు నిమిషాల్లో అయిపోయేట్టు ఏదన్నా నవ్వొచ్చే బిట్టు రాసిపెట్టండి. నేను తీస్తాను."

"రాస్తే నాకేంటి?" అన్నాను.

"హాలు నవ్వితే టైటిల్లో మీ పేరు వేస్తానండీ. నల్ల అట్ట మీద తెల్ల రంగుతో, పెళ్ళికూతురు పేరు రాయించినట్టు రాయిస్తాను."

ఈ మాట అన్నప్పుడు మామిడి మండీ బ్రోకరు ఒకాయన నా బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు, తోట కౌలు కాగితం రాయించుకోవడానికి వచ్చి. ఆయన విన్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా "ఏదో అనుకున్నారు లెండి" అనేవాడు తప్ప సాక్ష్యం చెప్పలేదు. బ్రోకర్లు ఇద్దరి మధ్యా ఉండి బతకాలి, అర్థం చేసుకోగలను. మర్చిపోలేను.

నేను రాసిన మొదటి బిట్టు నవ్వించలేదు. ఇరుగూ పొరుగూ గట్టు దగ్గర తగాదా పడతారు, ఒక్కొక్కడూ తన హద్దులు చెప్తాడు. చదివితే నాకిప్పటికీ బాగానే ఉంటుంది. కానీ కెమెరాకున్న మైకు పక్కన తిరిగే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేదీ సరిగ్గా పట్టుకోలేదు. హాల్లో చివరి బల్ల దాకా మాటలు వినపడలేదు. సగంలో ఒక హమాలీ లేచి నిలబడి, "వీళ్ళు కొట్టుకునేది ఎప్పుడండీ? చెప్తే అప్పటికి వస్తాం" అన్నాడు. జనం దానికి నవ్వారు. నేను రాసినదానికి కాదు.

షాపాయన మర్నాడు వచ్చి, "ఇంకొక్కటి చూద్దామండీ. అదీ పోతే మానేసి పాటలు వేసుకుంటాను. పాటలకి రైటర్ అక్కర్లేదుగా" అన్నాడు. అంటే నా పేరు తెర మీద పడేదీ లేనిదీ ఆ ఒక్క బిట్టు మీద తేలాలి.

ఆ హమాలీ మాట మీద నాకు కోపం వచ్చినా, అందులో పనికొచ్చేది ఉందని తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది. వాడు చూద్దామనుకున్నాడు, విందామనుకోలేదు. చెవికి కాదు, కంటికి రాయాలి. పైగా నేను రాసిన హద్దులు భూములున్నవాళ్ళ గోల, బల్లల మీద కూర్చున్నవాళ్ళకి భూముల్లేవు. వాళ్ళకి రోజూ కళ్ళ ముందు జరిగేది కావాలి. చూడగానే "అరే, ఇది మావాడే" అనుకోవాలి. పరిచయం చెయ్యడానికి టైము లేదు, ఉన్నది మూడు నిమిషాలు.

మండీకి వెళ్ళి కూర్చున్నాను. గడ్డి పరిచి రాసులు పోసిన బంగినపల్లి కాయల మధ్య మన బ్రోకరు బేరం చేస్తున్నాడు. చూడనివాళ్ళ కోసం చెప్తాను. బేరం పైకి అనరు. అమ్మేవాడు చెయ్యి చాపుతాడు, కొనేవాడు చెయ్యి చాపుతాడు, రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు పట్టుకుని, నొక్కి, ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకి ఏమీ తెలియదు. ఇందులో అసలు విద్య వేళ్ళది కాదు, మొహానిది. లోపల ఎంత మాట నడుస్తున్నా పైకి చూపు ఎటో ఉండాలి, కనురెప్ప కదలకూడదు. మన బ్రోకరు మొహం ఆ విషయంలో గోడ. బేరం కుదిరినా అదే మొహం, చెడినా అదే మొహం. ఆయన పెళ్ళి ఫోటోలోనూ అదే మొహం, తర్వాత చూశాను.

ఆ సాయంత్రమే కాగితాల మీద సంతకాలకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి "దోసెలు ఎన్ని వెయ్యమంటారు?" అని అడిగింది. ఆయన నాతో మాట్లాడుతూనే, చూడకుండా, భుజం మీది తువ్వాలు లాగి ఆమె చేతి మీదికి వేశాడు.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇది మండీ కాదండీ, వంటిల్లు. నోటితో చెప్పండి."

నాకు బిట్టు దొరికింది.

అది రాసిన తీరు చెప్పాలి, ఎందుకంటే అలా కుదిరిపోయిందని అన్నారు కదా. ఒక బ్రోకరు ఇంట్లో కూడా తువ్వాలు కిందే మాట్లాడతాడు. ఇది మొదటి సంగతి, దోసెలతో అయిపోవాలి. భార్య బెండకాయలు తరుగుతూ అడుగుతుంది, ఆయన తువ్వాలు కప్పి వేళ్ళు నొక్కుతాడు, ఆమె లెక్క అర్థమై దోసెలు తెస్తుంది. జనానికి మనిషి అర్థమైపోయాడు. రెండోసారి అదే పని, కానీ ఇబ్బంది పెరగాలి. పక్కింటావిడ మజ్జిగకి వస్తుంది, గిన్నె చాపుతుంది, ఈయన ఆ గిన్నె మీద తువ్వాలు కప్పుతాడు. ఇంట్లో విషయం పరాయి మనిషి ముందుకి వచ్చింది. మూడోసారి ఇబ్బంది ఇంకా పెద్దదవ్వాలి. భార్య పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్తానంటుంది. ఎన్నాళ్ళని తువ్వాలు కిందే బేరం మొదలుపెడతాడు. చూపు పైన దూలం మీద. ఆమె ఒక చేత్తో బేరం ఆడుతూనే, రెండో చేత్తో బెండకాయలు కొన్ని తీసి ఆయన గుప్పిట్లో పెట్టి, మెల్లిగా లేచి పెట్టె తీసుకుని వెళ్ళిపోతుంది. ఆయన దూలం వంక చూస్తూ బెండకాయలతో బేరం ఆడుతూనే ఉంటాడు. చివరికి తువ్వాలు తీస్తాడు. గుప్పిట్లో బెండకాయలు. అంతే. ఆ తర్వాత ఒక్క మాట కూడా రాయలేదు. ఆ పూట కూర ఎవరు వండుకోవాలో జనానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బ్రోకరు నటించడానికి వెంటనే ఒప్పుకున్నాడు. టీవీలో కనపడతావంటే మండీలో ఎవరు కాదంటారు. భార్య పాత్రకి ఆయన భార్యనే అడిగాం. ఆమెకి కూర్చోబెట్టి కథంతా చెప్పాను. ఆ సీజన్లో ఆమె పరిస్థితి నాకు తెలుసు. తోటల నుంచి కాయలతో వచ్చే రైతులందరికీ వాళ్ళింట్లోనే భోజనాలు. పుట్టింటికి పంపమని రెండేళ్ళుగా అడుగుతోంది, ఈయన "కాయ అయిపోనీ" అంటున్నాడు. కాయ అయిపోయాక ఊరగాయలు, ఊరగాయలయ్యాక వర్షాలు.

"మూడోసారి నేను వెళ్ళిపోతానా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"అవునమ్మా. పెట్టె పట్టుకుని గుమ్మం దాటి వెళ్ళిపోవాలి."

"ఎక్కడిదాకా వెళ్ళాలి?"

"కనపడనంత దూరం. వెనక్కి మాత్రం చూడకూడదు. చూశావంటే మళ్ళీ వస్తావని జనానికి తెలిసిపోతుంది, నవ్వు చచ్చిపోతుంది."

"వెనక్కి చూడకూడదు" అని ఆమె ఒకసారి పైకి అనుకుంది. "ఈయన ఒప్పుకున్నారా దీనికి?"

"ఒప్పుకున్నారమ్మా, చదివి వినిపించాను."

"అయితే సరేనండి" అంది.

మండీకి సెలవున్న రోజు మధ్యాహ్నం వాళ్ళింట్లోనే తీశాం. ఈసారి ఫ్యాను ఆపించాను, కర్రలకి కట్టిన ఫ్లడ్ లైట్ల వేడికి అందరికీ చెమటలు. వోల్టేజీ తగ్గినప్పుడల్లా షాపాయన చెయ్యెత్తి ఆపేవాడు. తర్వాత ముక్కలు అతికే తిప్పలు లేకుండా మొదటి నుంచి చివరి దాకా వరసగా తీద్దామన్నాం. ఆయనకి పెళ్ళిళ్ళు తీసిన అలవాటు. ప్రతి మనిషినీ చూపించాలి, చూపించకపోతే పేచీ వస్తుంది. పక్కింటావిడ వస్తే ఆవిడ్ని తల నుంచి పాదాల దాకా చూపించాడు. బెండకాయల పళ్ళెం కనపడగానే, చదివింపుల వెండి గిన్నెలు తీసినట్టు, దగ్గరికి వెళ్ళి చుట్టూ తిప్పి తీశాడు.

"అది ఇప్పుడే అంత చూపిస్తే ఎలాగండీ, చివరికి అదేగా రావాల్సింది" అన్నాను.

"కాయలు లేతగా ఉన్నాయి రైటర్ గారూ. చూడముచ్చటగా ఉన్నాయి."

ఇంకో చిక్కు బ్రోకరు మొహం. షాపాయన కెమెరా వెనక నుంచి "కాస్త కోపం తెప్పించుకోండి, కాస్త బిత్తరపోండి" అని బతిమాలుతున్నాడు. ఆయన మొహం కదలదు. "నావల్ల కాదండీ. మొహంలో తెలిస్తే కాయ పోతుంది" అంటాడు. నాకప్పుడు ఒకటి తట్టింది. ఆయన్ని మార్చొద్దన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు మారుతుంటే ఈయన ఒక్కడూ గోడలా ఉండటమే నవ్వు. భార్య విసుగు ఒక్కో మెట్టూ పెరగాలి, పక్కింటావిడ నోరు తెరవాలి, ఈయన మాత్రం దూలం చూడాలి. నటించేది వాళ్ళు, నటించకుండా ఉండేది ఈయన. షాపాయనకి ఇది నచ్చలేదు కానీ వేరే దారి లేదు.

దోసెలు బాగా వచ్చాయి. మజ్జిగ ఇంకా బాగా వచ్చింది. పక్కింటావిడ నిజంగానే సిగ్గుపడి గిన్నె వదిలేసింది. మూడోది మొదలైంది. బ్రోకరు దూలం వంక చూస్తూ వేళ్ళు నొక్కుతున్నాడు. ఆమె బెండకాయలు గుప్పిట్లో పెట్టింది, చెయ్యి తీసుకుంది, లేచింది, పెట్టె ఎత్తింది. ఎత్తడానికి కాస్త కష్టపడింది, ఒక పక్కకి ఒరిగింది.

షాపాయన కెమెరాకి కన్ను ఆనించే నా చెవిలో అన్నాడు. "ఖాళీ పెట్టెని ఎంత బరువుగా మోస్తోందో చూడండి. మొత్తం అందరిలోకీ ఈవిడే యాక్టరు."

ఆమె గుమ్మం దాటింది. వెనక్కి చూడలేదు.

బ్రోకరు బెండకాయలతో బేరం ఆడాడు. ఒకదాన్ని నొక్కాడు, కాదన్నట్టు వదిలాడు, రెండు కలిపి పట్టుకున్నాడు. చాలాసేపు ఆడాడు. తువ్వాలు తీశాడు. బెండకాయల వంక చూశాడు. అదే మొహం. అంతా గోడలా ఉన్నవాడు చివర్లోనైనా పగలాలి, లేకపోతే గోడ గోడే. కథ అక్కడితో అయిపోయింది కాబట్టి "ఆపండి" అన్నాను. షాపాయన ఆపలేదు. అప్పగింతలయ్యాక కూడా కారు కనపడేదాకా తియ్యడం ఆయన అలవాటు.

వీధిలో బస్సు ఆగిన చప్పుడు, మళ్ళీ కదిలిన చప్పుడు వినపడ్డాయి.

"ఏమేవ్, అయిపోయింది, రా" అన్నాడు బ్రోకరు, ఆ మొహంతోనే.

మళ్ళీ పిలిచాడు.

"ఏమేవ్."

పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఇంకెక్కడి ఏమేవ్ అండీ. ఆవిడ చింతలపూడి బస్సెక్కింది."

అప్పుడు పగిలింది. ముందు కనుబొమ్మలు పైకి వెళ్ళాయి. తర్వాత నోరు కొంచెం తెరుచుకుంది. తర్వాత తల వంచి, ఏళ్ళ తరబడి మండీలో ఎవరికీ దొరకని ఆ మొహమంతా పెట్టుకుని, చేతిలో ఉన్న బెండకాయల వంక చూశాడు. తర్వాత లేచి పంచె ఎగ్గట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. షాపాయన కెమెరాతో వెనకే పరిగెత్తాడు, వైరు ఉన్నంత దూరం.

బస్సు అప్పటికే మలుపు తిరిగింది. పుట్టింట్లో పెద్దవాళ్ళున్నారు, దారి తెలిసిన మనిషి, భయపడాల్సింది ఏమీ లేదు. ఆ పూట వంట మాత్రం నిజంగానే ఆయన చేసుకున్నాడు. బెండకాయ కూరలో ఉప్పు వేసిన సంగతి మర్చిపోయి మళ్ళీ వేశాడని మాతో ఆయనే చెప్పాడు.

మర్నాడు షాపులో టేపు చూశాం. మొత్తం వేస్తానన్నాడు షాపాయన. పరుగు, బస్సు పొగ, వీధిలో కుక్క, అన్నీ. పైగా చివర్న "ఇల్లాలిని గౌరవించండి" అని అట్ట మీద రాయించి పెడతానన్నాడు.

"పరిగెత్తడం కూడా నవ్వొస్తుందిగా రైటర్ గారూ."

"వస్తుంది. కానీ చిన్నగా వస్తుంది. పెద్ద నవ్వు అయ్యాక చిన్న నవ్వు పెడితే పెద్దది కూడా చిన్నదైపోతుంది. ఆయన బెండకాయల వంక చూడగానే తెర నల్లగా అయిపోవాలి."

"మరి నీతి?"

"ఆ మొహమే నీతి. మీరు అట్ట మీద రాస్తే జనం నీతి చదువుతారు, మొహం మర్చిపోతారు."

పళ్ళెం దగ్గరికి వెళ్ళి తీసిన ముక్క కూడా తీసెయ్యమన్నాను. బెండకాయలు ఆమె పక్కన ఊరికే ఉన్నట్టు కనపడితే చాలు, ముందే అంత చూపిస్తే గుప్పిట్లో ఏముందో హాలు ముందే చెప్పేస్తుంది. ఒక పొద్దంతా వాదించాను. ఒక వీసీఆర్లో వేస్తూ రెండోదాంట్లోకి ఎక్కిస్తున్నాం. అక్కర్లేని చోట పాజ్ నొక్కాలి, మళ్ళీ కావాల్సిన చోట సరిగ్గా వదలాలి. చివరి చోటుకి వచ్చేసరికి ఆయన బొటనవేలు మీట మీద ఊగుతోంది, నొక్కడం లేదు. బ్రోకరు తల వంచాడు, బెండకాయల వంక చూశాడు. ఆయన వేలి మీద నా వేలు పెట్టి నొక్కాను. అక్కడ ఆగింది. ఆ నొక్కింది నేను.

ఆ సాయంత్రం హాల్లో వేశాడు. మొదటి క్యాసెట్టు అయిపోయింది. బీడీల కోసం లేచినవాళ్ళు తెర మీద మన బ్రోకర్ని చూసి ఆగిపోయారు. దోసెల దగ్గర కొంచెం నవ్వారు, "మావాడేరా" అన్నారు. మజ్జిగ గిన్నె మీద తువ్వాలు పడగానే బల్లలు చరిచారు. ఆమె పెట్టెతో గుమ్మం దాటుతుంటే ఒకడు "ఓ బ్రోకరు గారూ, సరుకు పోతోంది చూసుకో" అని అరిచాడు. అప్పట్నుంచీ ఆయన లోపల ఏం నొక్కుతున్నాడో తెలియక మెడలు చాచి చూశారు. తువ్వాలు తీశాక ఒక నవ్వు. "చింతలపూడి బస్సెక్కింది" అనగానే ఇంకో నవ్వు. ఆ మొహానికి వచ్చిన నవ్వుకి రేకులు అదిరాయి. తెర నల్లబడ్డాక కూడా ఆగలేదు. రెండో క్యాసెట్టు సిద్ధంగా ఉన్నా "మళ్ళీ వెయ్యవయ్యా" అన్నారు. మళ్ళీ వేశాడు. ఎవరూ బయటికి పోలేదు, ఎవరి చోటు కోసం ఎవరూ కొట్టుకోలేదు. బ్రోకరు రెండో బల్ల మీద కూర్చుని, మండీ మొహంతో, అంతా చూశాడు.

నేను మాత్రం రెండుసార్లూ మొదట్లో వచ్చే అట్ట కోసం చూశాను. షాపు పేరు వచ్చింది. దాని కింద "సమర్పించు" అని వచ్చింది. చుట్టూ పువ్వులు కూడా గీయించాడు. తర్వాత దోసెలు వచ్చాయి.

జనం వెళ్ళాక అడిగాను. "హాలు నవ్విందా లేదా?"

"నవ్విందండీ. ఎందుకు నవ్వదు."

"మరి నా పేరేది?"

ఆయన క్యాసెట్టు వెనక్కి తిప్పుకుంటూ చెప్పాడు. "మీరు రాసింది తువ్వాలు తీసేదాకేగా రైటర్ గారూ. అసలు నవ్వంతా ఆ తర్వాతదేగా. ఆవిడ నిజంగా బస్సెక్కేసింది, నేను కెమెరా ఆపలేదు. అది ఎవరు రాశారని వెయ్యమంటారు?"

నాకు ఆ క్షణాన మాట రాలేదు. ఇన్నేళ్ళలో నాకు మాట రానిది అప్పుడొక్కసారే. ఆయన దాన్ని ఒప్పుకోవడం కింద లెక్కేసుకున్నాడని తర్వాత తెలిసింది.

కాయ తగ్గాక బ్రోకరు చిన్న రసాల గంప ఒకటి పట్టుకుని చింతలపూడి వెళ్ళి భార్యని తీసుకొచ్చాడు. ఆమె మంచి రంగు తేలి, నిద్ర తీరిన మొహంతో వచ్చింది. వచ్చిన మర్నాడు నేను వెళ్ళి కాస్త నిష్ఠూరంగానే అడిగాను. "ఏమ్మా, కథ మధ్యలో అలా చేశావు?"

ఆమె ఆశ్చర్యపోయింది. "అదేంటండీ అన్నయ్యగారూ. పెట్టె పట్టుకుని వెళ్ళమన్నారు. కనపడనంత దూరం వెళ్ళమన్నారు. వెనక్కి చూడొద్దన్నారు. ఈయన ఒప్పుకున్నారని కూడా చెప్పారు. మీరు రాసింది రాసినట్టు చేశాను."

లోపల్నుంచి బ్రోకరు, "ఇంకెప్పుడూ మీరు రాసింది నాకు చదివి వినిపించకండి" అన్నాడు. ఆమె నవ్వి, నాకు రెండు రసాలు కోసి పెట్టింది.

నేను తిన్నగా వీడియో షాపుకి వెళ్ళి ఆమె మాట అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. ఆయన కెమెరా తుడుచుకుంటూ "చూద్దాం లెండి" అన్నాడు. ఆ టేపు కాపీలు చుట్టుపక్కల హాళ్ళన్నిటికీ పోయాయి. హనుమాన్ జంక్షన్లో లారీ డ్రైవర్లు దాన్ని అడిగి వేయించుకునేవాళ్ళని విన్నాను. పెళ్ళి టేపుల్లో చోటు మిగిలితే చివర అది ఎక్కించి ఇచ్చేవాడు. కొత్త కాపీ తీసిన ప్రతిసారీ అట్ట మార్చడానికి ఆయనకి అవకాశం ఉంది. మార్చలేదు.

ఆయన ఇప్పుడు శాలువా కప్పుకుని ఊళ్ళోనే ఉన్నాడు. కెమెరా ఆపకపోవడం ఆయన గొప్పే, ఆ సంగతి నేను కాదనను. నేను అడిగేది ఒక్కటే. వెళ్ళమని రాయకపోతే ఆమె ఆ పెట్టె ఎత్తేదా? ఎత్తకపోతే ఆయన కెమెరా ఆపకుండా దేన్ని తీసేవాడు? ఎత్తేది కాదంటే ఆ ముగింపు రాసింది నేను. ఎత్తేదంటే ఆ ముక్క నా మొహం చూసి చెప్పాలి. "అలా కుదిరిపోయింది" అనేది జవాబు కాదు, "చూద్దాం లెండి" అంతకన్నా కాదు. ఔనో, కాదో. ఇది చదివాక ఆయన నాకు సమాధానం చెప్పాలి, నలుగురి ముందు చెప్పాలి.